ఫోటోలో ముడతలు తగ్గించాలి, మనిషి మాత్రం మారకూడదు: ఎలా చేయాలి

పర్లాకిమిడిలో మా స్టూడియోకి వచ్చేవాళ్ళు నూటికి తొంభై మంది అడిగే మాట ఒకటే. "బాబూ, మా అమ్మ ఫోటో పెద్దది చేయాలి, కొంచెం ముడతలు తీసేసి ఇవ్వండి." కాశీనగర్ నుంచి వచ్చినా, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి వచ్చినా, తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా అడిగేది అదే. ఈ మధ్య స్టూడియోలు పెట్టుకున్న కుర్రాళ్ళు, ఇంట్లో కంప్యూటర్ మీద సొంతంగా చేసుకునేవాళ్ళు కూడా ఫోన్ చేసి అడుగుతున్నారు. "అన్నా, ముడతలు తీస్తే మొహం ప్లాస్టిక్ బొమ్మలా అయిపోతోంది, తీయకపోతే పార్టీ ఊరుకోవట్లేదు, ఏం చేయమంటావు?" అని. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పలేక ఇది రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒకటి చెప్తాను. పని నేర్చుకున్న కొత్తలో ఒకాయన వాళ్ళ అమ్మ దినకార్యానికి ఫోటో చేయించుకున్నాడు. నేను ఉత్సాహం కొద్దీ నుదురు, కళ్ళ పక్కన, బుగ్గలు అన్నీ నున్నగా చేసేశాను. ఆయనకీ బాగానే అనిపించింది, ఫ్రేమ్ కట్టించుకుని తీసుకెళ్ళాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. పటం చూసి వాళ్ళ పిన్ని, అంటే పోయినావిడ సొంత చెల్లెలు, "ఏటి బాబూ ఇది, ఎవరి పటం తెచ్చావు? మా అప్ప నవ్వు ఇలగుండదు" అందట. పక్కన అసలు ఫోటో పెట్టి చూస్తే ఆవిడ మాటే నిజం. పెదవులు నవ్వుతున్నాయి, కళ్ళు మాత్రం నవ్వట్లేదు. కళ్ళ పక్కన గీతలన్నీ నేనే తుడిచేశాను మరి.

అప్పటినుంచి నేను ముడతని చెరపను, ముడతలో ఉన్న నీడని తగ్గిస్తాను. ఫోటోలో ముడత అంటే ఒక నల్లటి గీత, దాని పక్కనే కొంచెం మెరిసే గట్టు. ఆ నలుపుకీ మెరుపుకీ మధ్య తేడా ఎంత ఎక్కువుంటే ముడత అంత లోతుగా కనిపిస్తుంది. తేడా తగ్గిస్తే గీత అక్కడే ఉంటుంది, వయసు మాత్రం ఐదారేళ్ళు తగ్గినట్టు ఉంటుంది. సిద్ధాంతం ఇంతే, మిగతాదంతా చేతిపని.

ఇక్కడ చెప్పేది ఒకే రకం పని గురించి: పెద్దవాళ్ళ నవ్వు మొహం, ఫోన్‌తో తీసిన ఫోటో, గోడకి పెట్టే పటం. ఆధార్, పాస్‌పోర్ట్, పెన్షన్ కాగితాలకి పెట్టే ఫోటోల మీద ఈ పని చేయకండి. అక్కడ మొహం ఉన్నది ఉన్నట్టే ఉండాలి. పార్టీ ఎంత బతిమాలినా సరే.

కావలసినవి

- ఒరిజినల్ ఫోటో. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో వద్దు, అందులో పిక్సెల్స్ బాగా తగ్గిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా ఫోన్ తెమ్మని కేబుల్ పెట్టి ఎక్కించుకోండి.
- ఫోటోషాప్ ఉన్న కంప్యూటర్. గింప్ అయినా సరిపోతుంది, తేడా ఎక్కడుందో కింద చెప్తాను.
- పెన్ ట్యాబ్లెట్ ఉంటే మంచిది. నేను చాలా ఏళ్ళు మౌస్‌తోనే చేశాను.
- అదే మనిషివి ఇంకో రెండు మూడు ఫోటోలు. ఇది చాలామంది అడగరు. పుట్టుమచ్చ ఏది, మరక ఏది, ఏ గీత ఎప్పుడూ ఉండేది, ఏ గీత ఆ రోజు ఎండలో మొహం చిట్లించినందుకు వచ్చింది అన్నది వేరే ఫోటోలు చూస్తేనే తెలుస్తుంది.
- ఒక 4x6 ప్రింటుకి సరిపడా డబ్బులు. చివర్లో పనికొస్తుంది.

మొత్తం ఒకే ఉదాహరణ మీద చెప్తాను. ఒక మామ్మగారు, డెబ్భై దాటాయి. మనవరాలి పెళ్ళిలో ఎవరో ఫోన్‌తో తీసిన ఫోటో. పక్కనున్న పెళ్ళి లైటు ఎడమ బుగ్గ మీద గట్టిగా పడుతోంది, అందుకని ముడతలు ఉన్నదానికి రెండింతలు కనిపిస్తున్నాయి. నుదుటి మీద చిన్న పచ్చబొట్టు, ముక్కుకి రెండు వైపులా పుడకలు, సాగిన చెవి తమ్మెలు. ఎవరో జోకేస్తే పగలబడి నవ్వుతోంది, పైన ఒక పన్ను లేదు.

1. సైజు ముందు తేల్చుకోండి

ఫోటో పొడవు 4000 పిక్సెల్స్, వెడల్పు 3000. కానీ అందులో పెళ్ళివాళ్ళందరూ ఉన్నారు. మామ్మగారిని తల, భుజాల వరకూ కట్ చేస్తే మిగిలింది 1500 x 2250. వాళ్ళు అడిగింది 12x18 పటం. 1500ని 12తో భాగిస్తే అంగుళానికి 125 పిక్సెల్స్, అది చాలదు. దగ్గరగా చూస్తే మెత్తబడినట్టు ఉంటుంది. 8x12 అయితే సుమారు 187 వస్తుంది, గోడ మీద పటానికి సరిపోతుంది. ఈ మాట పని మొదలెట్టకముందే పార్టీతో చెప్పేయండి.

సైజు ముందు తేల్చాల్సిన కారణం ఇంకోటి ఉంది. ముడత ఎంత తగ్గించాలన్నది పటం సైజుని బట్టి మారుతుంది. స్క్రీన్ మీద మొహాన్ని పటంలో వచ్చే సైజు కంటే మూడింతలు చేసి చూస్తూ పనిచేస్తే అవసరం లేనివి కూడా తీసేస్తాం. మన ఉదాహరణలో మొహం వెడల్పు సుమారు 600 పిక్సెల్స్. పని 100 శాతం జూమ్‌లో చేయండి, రెండు మూడు నిమిషాలకోసారి 33 శాతానికి తగ్గించి చూడండి. 200 దాటి వెళ్ళాల్సిన పని దాదాపుగా రాదు.

2. ముట్టుకోకూడనివి రాసుకోండి

పైన ఒక ఖాళీ లేయర్ వేసి, ఎర్ర బ్రష్‌తో వదిలేయాల్సినవాటి చుట్టూ సున్నాలు చుట్టండి. మామ్మగారికి నేను చుట్టినవి: పచ్చబొట్టు, గడ్డం మీద పుట్టుమచ్చ, సాగిన చెవి తమ్మెలు, లేని పన్ను. పన్ను పెట్టమని ఎవరూ అడక్కపోతే మీరు పెట్టకండి. ఆ ఖాళీ ఇంట్లో అందరికీ తెలిసిందే, అది నింపితే నవ్వు ఇంకొకరిది అవుతుంది. పచ్చబొట్టు కూడా అంతే. మా వైపు పెద్దావిడల నుదుటి మీద ఆ బొట్టు చాలా చోట్ల పాలిపోయి మరకలా కనిపిస్తుంది, ఇక్కడివాడు కాని ఆపరేటర్ మచ్చ అనుకుని తుడిచేస్తాడు.

తర్వాత గీతల్ని రెండు గుంపులు చేయండి. ఈ నవ్వు వల్ల వచ్చిన గీతలు ఒకటి, మొహం ఎలా ఉన్నా ఉండే గీతలు ఇంకోటి.

మనస్ఫూర్తిగా నవ్వినప్పుడు కంటి చుట్టూ ఉండే కండరం ముడుచుకుంటుంది. బుగ్గ పైకి లేస్తుంది, కన్ను కాస్త చిన్నదవుతుంది, కంటి చివర విసనకర్రలా గీతలు పడతాయి. కావాలని పెదవులు సాగదీస్తే ఇది సరిగ్గా రాదు. డ్యూషెన్ అనే ఫ్రెంచి డాక్టరు 1862లోనే ఈ తేడా గురించి రాశాడు. అందుకే కన్ను చిన్నదై, బుగ్గ లేచి ఉండి, పక్కన గీతలు మాత్రం లేకపోతే చూసేవాళ్ళకి ఏదో అబద్ధంలా అనిపిస్తుంది. ఏమిటో చెప్పలేరు గానీ "ఎవరిది ఇది" అంటారు. ఆ పిన్నిగారు పట్టుకున్నది అదే.

ముక్కు పక్కనుంచి నోటి చివరకి దిగే గీత కూడా నవ్వు గీతే. అది చిన్నపిల్లలకి కూడా నవ్వితే పడుతుంది. దాన్ని పూర్తిగా తీసేస్తే బుగ్గ ఉబ్బిపోయి పంటినొప్పి వచ్చినట్టు ఉంటుంది.

కనుబొమల మధ్య నిలువు గీతల సంగతి వేరు. అవి నవ్వువి కావు, చిరాకువి, ఎండవి. వాటిని కొంచెం ఎక్కువ తగ్గించినా మనిషి మారదు, పైగా మొహం తేలికపడుతుంది.

3. హీలింగ్ చేయండి, కానీ వేరు వేరు లేయర్ల మీద

ఈ పని మీదే పటం నిలబడేది. తొందరపడకండి.

ఐదు ఖాళీ లేయర్లు వేసి పేర్లు పెట్టండి: నుదురు, కనుబొమల మధ్య, కళ్ళు, బుగ్గలు-నోరు, మెడ. టూల్స్‌లో Healing Brush తీసుకోండి. దాని పక్కనే ఉండే Spot Healing Brush కాదు, అది ఎక్కడి చర్మం తీసుకోవాలో తనే నిర్ణయించుకుంటుంది, మన మాట వినదు. పైన బార్‌లో Sample దగ్గర Current & Below పెట్టండి. ఇది పెట్టకపోతే ఖాళీ లేయర్ మీద ఏమీ పడదు. "అన్నా, బ్రష్ పనిచేయట్లేదు" అని వచ్చే ఫోన్లలో ఎక్కువ దీనివల్లే.

బ్రష్ సైజు గీత వెడల్పుకి ఒకటిన్నర రెట్లు చాలు. మన ఫోటోలో గీత 5, 6 పిక్సెల్స్ ఉంది, కాబట్టి బ్రష్ 9. అంచు మరీ మెత్తగా పెట్టకండి, చుట్టూ మసక మిగిలిపోతుంది. Alt నొక్కి గీతకి ఆనుకుని ఉన్న చర్మం మీద క్లిక్ చేసి, గీత మీద చిన్న చిన్న ముక్కలుగా గీయండి. ఒక చివరనుంచి ఇంకో చివరకి ఒకేసారి లాగేస్తే చర్మం మీద చారలు కనిపిస్తాయి. అంగుళానికి ఒకసారైనా శాంపిల్ మార్చండి.

శాంపిల్ ఎక్కడ తీసుకోవాలి? అదే వెలుగులో ఉన్న చోటు, అదే రకం చర్మం. కంటి కింద గీతకి బుగ్గ మధ్యనుంచి తీసుకుంటే గరుకు ఎక్కువ వస్తుంది, కంటి కింద పల్చటి చర్మానికి అది నప్పదు. కంటి కిందే ఇంకో చోటునుంచి తీసుకోండి.

ఈ దశలో గీతని పూర్తిగా తీసేయండి, భయపడకండి. ఐదు లేయర్ల మీదా గీతలన్నీ పోయాక మామ్మగారు మైనపు బొమ్మలా కనిపిస్తారు. ఇప్పుడు ఒక్కో లేయర్‌కి Opacity సున్నాకి దించండి, గీతలు కిందనుంచి తిరిగి వస్తాయి. అక్కడనుంచి మెల్లగా పెంచుతూ రండి. ఈ ఫోటోకి నేను ఆగిన చోట్లు ఇవి:

- కనుబొమల మధ్య: 60
- నుదురు: 50
- మెడ: 40
- బుగ్గలు-నోరు: 30
- కళ్ళు: 25

ఈ అంకెలు మీ ఫోటోకి అలాగే పెట్టేయకండి. వరస మాత్రం పట్టుకోండి: కనుబొమల మధ్య ఎక్కువ, కళ్ళ పక్కన తక్కువ. సున్నానుంచి పైకి జరుపుతూ "ఇక చాలు" అనిపించిన చోట ఆగి, అక్కడనుంచి 10 వెనక్కి రండి. కన్ను త్వరగా అలవాటు పడిపోతుంది. మనకి చాలు అనిపించేసరికే కొంచెం ఎక్కువైపోయి ఉంటుంది.

కనురెప్ప అంచు, పెదవి అంచు, జుట్టు మొదలయ్యే చోట హీలింగ్ బ్రష్ పక్క రంగుని లాగేసుకుని మసి పూసినట్టు చేస్తుంది. అక్కడ Clone Stamp తీసుకోండి. దానికి ఇంకో ఖాళీ లేయర్ వేసి, ఆ లేయర్ మోడ్ Lighten చేయండి. టూల్‌కి Opacity 20, Sample ఇందాకటిలాగే. ఈ మోడ్‌లో తీసుకున్న శాంపిల్ కంటే నల్లగా ఉన్నది మాత్రమే మారుతుంది, అంటే గీత నీడ తేలికపడుతుంది, చుట్టూ ఉన్న చర్మం అలాగే ఉంటుంది. పై పెదవి మీద సన్నటి నిలువు గీతలకి ఇది బాగా పనికొస్తుంది.

గింప్ వాడేవాళ్ళకి: ఖాళీ లేయర్ మీద అక్కడి Heal టూల్‌ని నమ్ముకోకండి. ఫోటో లేయర్‌ని డూప్లికేట్ చేసి, దాని మీదే గీతలన్నీ తీసేయండి. శాంపిల్‌కి Alt బదులు Ctrl. తర్వాత ఆ లేయర్‌కి నల్ల మాస్క్ వేస్తే చేసిందంతా మాయమవుతుంది. తెల్ల బ్రష్‌తో, కళ్ళ దగ్గర Opacity 25, నుదుటి దగ్గర 50 పెట్టుకుని మాస్క్ మీద ఒక్కసారి పూయండి. ఫలితం అదే.

4. మిగిలిన నీడని వెలుగుతో సర్దండి

మామ్మగారి ఎడమ బుగ్గ మీద పక్క లైటు వల్ల నోటి గీత నీడ చాలా వెడల్పుగా ఉంది. ఇది హీలింగ్‌తో పోదు, పోగొట్టాలని చూస్తే బుగ్గ రూపమే మారిపోతుంది. దీనికి వేరే లేయర్ కావాలి. Alt పట్టుకుని కొత్త లేయర్ బటన్ నొక్కితే చిన్న బాక్స్ వస్తుంది. అందులో Mode దగ్గర Soft Light ఎంచుకుని, కింద 50% gray అని ఉన్న గడిలో టిక్ పెట్టండి. తెరమీద ఏ మార్పూ కనిపించదు, అలాగే ఉండాలి.

బ్రష్ మెత్తగా, Flow 2 లేదా 3. తెల్ల రంగుతో నీడ మీద మెల్లగా పూయండి. ఒక్కసారి పూస్తే ఏమీ తెలియదు, పది పన్నెండు సార్లు పూస్తే కొంచెం తెలుస్తుంది. అంత నిదానంగానే తెలియాలి. తర్వాత నల్ల రంగు తీసుకుని, గీత పక్కన మెరిసే గట్టు మీద రెండు మూడు సార్లు. చాలామంది నీడని మాత్రమే తెల్లబరుస్తారు, మెరుపుని వదిలేస్తారు. అప్పుడు గీత స్థానంలో ఉబ్బు వచ్చినట్టు ఉంటుంది.

మన ఛాయకి సంబంధించిన చిక్కు ఒకటుంది. చామనఛాయ, నలుపు చర్మం మీద నీడని తేలిక చేస్తే ఆ చోటు రంగు పక్కదానితో కలవదు. కొన్నిసార్లు ఎర్రగా, కొన్నిసార్లు బూడిద పూసినట్టు వస్తుంది. దానికి ఇంకో ఖాళీ లేయర్ వేసి, దాని మోడ్ Color చేసి, పక్క చర్మం రంగుని Alt క్లిక్‌తో తీసుకుని, Opacity 10 లేదా 15 ఉన్న మెత్తని బ్రష్‌తో ఒకటి రెండు సార్లు పూయండి. వెలుగు మారదు, రంగు మాత్రం కలుస్తుంది. ఇదే సందని మొహం మొత్తం తెల్లగా చేయకండి. "కొంచెం కలర్ తెప్పించండి" అని అడిగేవాళ్ళు ఉంటారు, నేనైతే మొహం వెలుగు కాస్త పెంచి ఊరుకుంటాను.

మసక కొట్టే ఫిల్టర్లు, అంటే మొహమంతా ఒకేసారి నున్నగా చేసేవి, ఈ పనికి వద్దు. అవి ముడతతోపాటు చర్మం గరుకుని కూడా తీసుకెళ్ళిపోతాయి. ముడత తిరిగి తేవచ్చేమో గానీ గరుకు రాదు.

5. మెడ, చేతులు, కళ్ళు

మొహం అరవైలా ఉండి మెడ ఎనభైలా ఉంటే తల తెచ్చి అతికించినట్టు ఉంటుంది. మెడ గీతలు మొహానికి సమంగా తగ్గాలి. ఫోటోలో చేతులు ఉంటే నరాల నీడ కూడా కాస్త తగ్గించండి. కళ్ళలో తెల్లగుడ్డుని తెల్లగా చేయడం మానేయండి, పెద్దవాళ్ళ కన్ను కొంచెం పసుపు తిరిగి ఉండడమే సహజం. కంటిలో లైటు చుక్క మసకగా ఉంటే దాన్ని మాత్రం కొద్దిగా మెరిపించవచ్చు.

6. సరిచూసుకోవడం

ఎర్ర సున్నాల లేయర్ తీసేసి, అసలు ఫోటో లేయర్ తప్ప మిగతావన్నీ ఒక గ్రూపులో పెట్టి, గ్రూపు కన్ను బొమ్మ నొక్కి ఆపుతూ వేస్తూ చూడండి. మార్చినప్పుడు మొహం "గెంతినట్టు" అనిపిస్తే ఎక్కువ చేశారు. అదే మనిషి బాగా నిద్రపోయి లేచినట్టు ఉంటే సరిపోయింది.

తర్వాత పైన Black & White లేయర్ ఒకటి తాత్కాలికంగా వేయండి. రంగు పోయాక మనం పూసిన చోట్ల మచ్చలు, చారలు ఉంటే బయటపడతాయి. బొమ్మని అద్దంలోలా అటు ఇటు తిప్పి కూడా చూడండి, Image Rotation మెనూలో Flip Canvas Horizontal ఉంటుంది. రెండు గంటలు చూసీ చూసీ అలవాటైన మొహం తిప్పగానే కొత్తగా కనిపిస్తుంది. మామ్మగారి ఫోటో తిప్పినప్పుడే నాకు తెలిసింది, ఎడమ కన్ను పక్క గీతలు 25 దగ్గర ఉంచానే గానీ, ఆ వైపు లైటుకి అవి కుడివైపు కంటే తేలిపోయి నవ్వు ఒక పక్కకి వంగినట్టు ఉంది. ఆ లేయర్‌లో ఎడమవైపు ఎరేజర్‌తో కాస్త చెరిపేశాను. గీతలు తిరిగి వచ్చాయి, నవ్వు సర్దుకుంది.

ఆ తర్వాత ప్రింటు. 8x12 మొత్తం వేయకండి. ఫైల్‌లో కళ్ళు, ముక్కు, నోరు వచ్చేలా 750 x 1125 పిక్సెల్స్ ముక్క కట్ చేయండి, సైజు మార్చకండి, 4x6 కాగితం మీద వేయించండి. పటంలో మొహం ఎంత సైజులో వస్తుందో ఈ ముక్కలో అంతే వస్తుంది. దాన్ని గోడకి అంటించి ఆరడుగుల దూరం నుంచి చూడండి, తర్వాత చేతిలో పట్టుకుని చూడండి. కాగితం మీద నీడలు స్క్రీన్ మీదకంటే కొంచెం ముదురుగా వస్తుంటాయి, కాబట్టి గీతలు ఎక్కువ కనిపించాయని కంగారుపడి అన్నీ మళ్ళీ తగ్గించకండి. మొత్తం వెలుగు కాస్త పెంచి చూడండి ముందు.

చివరి పరీక్ష మనిషితో. ఇంట్లోవాళ్ళలో ఫోటో ఇచ్చిన మనిషికి కాకుండా ఇంకొకరికి, వీలైతే అక్కచెల్లెళ్ళకో చిన్ననాటి స్నేహితులకో చూపించమనండి. పక్కన పాత ఫోటో పెట్టకండి, "ముడతలు తీశాం, ఎలా ఉంది" అని అడగకండి. ఊరికే ఫోటో చేతికిచ్చి చూడండి. "అప్పుడు ఏం జోకేశారో, ఎలా నవ్వుతోందో చూడు" అంటే పని అయిపోయింది. "బాగా తీశారు" అని ఫోటో గురించి మాట్లాడితే ఇంకోసారి చూసుకోండి. "చిన్నదానిలా ఉంది" అన్నారంటే కళ్ళ లేయర్, బుగ్గల లేయర్ రెండూ ఇంకో పది తగ్గించండి.

ఫోన్ మాత్రమే ఉంటే

కంప్యూటర్ లేనివాళ్ళు స్నాప్‌సీడ్‌లో కొంతవరకు చేయవచ్చు. Selective తో నుదుటి మీద ఒక చుక్క పెట్టి, రెండు వేళ్ళతో దాని వలయం చిన్నది చేసి, Structure ని -20 వరకు తగ్గించండి. కళ్ళ దగ్గర పెట్టకండి. నోటి గీత నీడకి Brush లో Dodge & Burn ని +5 దగ్గర పెట్టి, ఫోటోని పెద్దది చేసుకుని గీత వెంట ఒకసారి వేలితో గీయండి. బ్యూటీ మోడ్ ఆన్ చేసి తీసిన ఫోటో అయితే ఇవేవీ చేయకండి, కెమెరానే ముందే నున్నగా చేసేసి ఉంటుంది, ఇంకా చేస్తే ఏమీ మిగలదు.

ఇంకా ఫోటో తీయలేదంటే సగం పని అక్కడే తప్పించుకోవచ్చు. పక్కనుంచి పడే గట్టి లైటు వద్దు. ఎండ నేరుగా పడని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, మనవల్ని కెమెరా పక్కన నిలబెట్టి మాట్లాడించండి. వీధరుగు మీద సాయంత్రం నీడలో కూడా బాగా వస్తుంది.

7. దాచుకోండి

లేయర్లున్న ఫైల్‌ని పీఎస్‌డీగా దాచండి, జేపీజీ ఒక్కటే ఉంచుకోకండి. పటం తీసుకెళ్ళిన వారానికి ఎవరో ఒకరు వచ్చి "పర్సులో పెట్టుకోడానికి చిన్నది ఇవ్వండి" అంటారు. చిన్న సైజులో సన్న గీతలు వాటంతటవే కలిసిపోతాయి, అందుకని పటానికి చేసినంత దిద్దుబాటు దానికి ఎక్కువైపోతుంది. గ్రూపు Opacity 60కి దించి అప్పుడు సైజు తగ్గించండి. మామ్మగారి పర్సు ఫోటో నేను అలాగే ఇచ్చాను, పచ్చబొట్టు అంత చిన్నదాంట్లోనూ తెలుస్తోంది.